పీఎస్4 వేడెక్కి ఆగిపోతుంటే: ఇంట్లో ఎంతవరకు విప్పాను, ఎక్కడ షాపుకు వదిలేశాను

మా తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న పీఎస్4 గేమ్ కన్సోల్ ఏప్రిల్‌లో ఆట మధ్యలో ఆగిపోవడం మొదలుపెట్టింది. ముందు ఫ్యాన్ మోత పెరిగేది. టీవీ సౌండ్ పెంచితే తప్ప మాటలు వినపడేవి కావు. కాసేపటికి కన్సోల్ బాగా వేడెక్కింది, ఆపేసి చల్లబడనివ్వండి అని స్క్రీన్ మీద వచ్చేది. ఎర్ర లైటు వెలిగి ఆగిపోయేది. అరగంట వదిలేస్తే మళ్లీ మామూలుగా ఆన్ అయ్యేది.

ఇలా చల్లారాక మామూలుగా పనిచేయడమే నాకు ధైర్యం ఇచ్చింది. చిప్పే పోయుంటే చాలావరకు చల్లగా ఉన్నప్పుడు కూడా సరిగ్గా నడవదు. ఇది చల్లగా ఉన్నంతసేపు ఏ గీతా, ఏ తడబాటూ లేకుండా నడుస్తోంది. అంటే పుట్టిన వేడి బయటికి పోవడం లేదు, అంతే. హనుమకొండలో ఒక రిపేరు షాపుకు తీసుకెళ్తే, ఆయన మూత కూడా తీయకుండా "చిప్ లూజ్ అయింది, హీట్ గన్‌తో వేడి చేయాలి" అన్నాడు. వద్దని చెప్పి వెనక్కి తెచ్చేశాను. వేడి ఎక్కువై ఆగిపోతున్న చిప్‌కు ఇంకా వేడి పెట్టడం వైద్యం కాదు. అలా చేస్తే కొన్నిసార్లు కొద్దికాలం నడుస్తుంది, కానీ బోర్డు ఆయుష్షు తగ్గుతుంది. విప్పి చూడకుండానే హీట్ గన్ అనే మాట వచ్చిన చోట కన్సోల్ వదిలిపెట్టవద్దని ఎవరడిగినా చెబుతాను.

విప్పే ముందు గది సంగతి చూశాను. పీఎస్4 పనిచేయడానికి సోనీ చెప్పిన పరిసర ఉష్ణోగ్రత 5 నుంచి 35 డిగ్రీలు. మన ఎండాకాలంలో మధ్యాహ్నం హాల్లోనే 35 దాటుతుంది. ఇక కన్సోల్ టీవీ యూనిట్ అరలో, మూడు వైపులా చెక్క మధ్య ఉంటే, తను వదిలిన వేడి గాలినే మళ్లీ తను పీల్చుకుంటుంది. దాన్ని బయటికి తీసి, వెనక జానెడు ఖాళీ వదిలి టేబుల్ మీద పెట్టాం. రాత్రి ఏసీ గదిలో కూడా ఆడించి చూశాను. ఆగిపోవడం కాస్త ఆలస్యమైంది కానీ మానలేదు. ఏసీ గదిలో కూడా ఆగిపోయిందంటే తప్పు లోపలే ఉంది.

లోపల అంటే రెండు చోట్ల ఉండొచ్చు. చిప్ వేడిని లాక్కునే లోహపు రేకుల దిమ్మె, అంటే హీట్‌సింక్‌కు, ఆ వేడి సరిగ్గా ఎక్కకపోవడం ఒకటి, హీట్‌సింక్‌కు ఎక్కిన వేడిని గాలి తీసుకుపోలేకపోవడం రెండోది. మొదటిదానికి చిప్‌కు, హీట్‌సింక్‌కు మధ్య రాసే థర్మల్ పేస్టు కారణం, రెండోదానికి దుమ్ము. ఈ తేడా విప్పకుండానే చాలావరకు తెలుస్తుంది. ఫ్యాన్ గట్టిగా మోగుతున్నప్పుడు కన్సోల్ వెనక చెయ్యి పెట్టాలి. మోత అంత ఉన్నా గాలి సన్నగా, బాగా వేడిగా వస్తుంటే దారిలో దుమ్ము అడ్డం ఉన్నట్టు. గాలి బలంగానే వస్తూ, గోరువెచ్చగా మాత్రమే ఉంటే వేడి హీట్‌సింక్ దాకా రావడమే లేదన్నట్టు, అప్పుడు పేస్టును అనుమానించాలి. సమయం కూడా కొంత చెబుతుంది. పేస్టు ఎండిపోతే బరువైన ఆట మొదలైన రెండు మూడు నిమిషాలకే ఫ్యాన్ ఒక్కసారిగా పైకి లేస్తుంది. దుమ్మయితే మోత మెల్లగా పెరుగుతూ పోతుంది.

మాది మెల్లగా పెరిగే రకం, వెనక గాలి సన్నగా, వేడిగా ఉంది. మా ఇంటి ముందు ఏడాదిగా రోడ్డు పని నడుస్తోంది. అందుకే దుమ్ముతో మొదలుపెట్టి, అది తీశాక కూడా తగ్గకపోతేనే పేస్టు దాకా వెళ్దామని అనుకున్నాను. దుమ్ము తీయడానికి కన్సోల్‌ను సగం విప్పితే చాలు. పేస్టు మార్చాలంటే మదర్‌బోర్డు బయటికి రావాలి. ఈ రెండు పనుల్లో ఉన్న రిస్క్ ఒకటి కాదు.

ముందు సేవ్ డేటా. పీఎస్4 హార్డ్ డిస్క్ ఆ కన్సోల్‌తోనే జతపడి, ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. బోర్డుకు ఏమైనా అయితే ఆ డిస్క్‌ను ఇంకో పీఎస్4లో పెట్టి సేవ్‌లు తీసుకోలేం. అందుకని Settings లో Application Saved Data Management కు వెళ్లి అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాం. డ్రైవ్ లోపల ఉన్న గేమ్ డిస్క్‌ను కూడా ముందే బయటికి తీశాం, ఎందుకంటే కరెంటు లేకుండా దాన్ని తీయడం కష్టం.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. మధ్యలో చిన్న రంధ్రం ఉన్న టీ8 సెక్యూరిటీ టార్క్స్ స్క్రూడ్రైవర్, చిన్న ప్లస్ స్క్రూడ్రైవర్, మెత్తని పెయింట్ బ్రష్, చేత్తో నొక్కే గాలి బల్బు. రంధ్రం లేని మామూలు టీ8 వెనక స్క్రూల్లోకి దిగదు. బలవంతం చేస్తే స్క్రూ తల అరిగిపోతుంది, ఆ తర్వాత డ్రిల్ చేయడం తప్ప దారి ఉండదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో ఇవన్నీ దొరుకుతాయి. నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

ప్లగ్ తీసి, ఇంకా వేడి ఉంటే చల్లారేదాకా ఆగాను. మాది పాత లావు మోడల్, కింద లేబుల్ మీద CUH-12 తో మొదలవుతుంది. వెనక స్టిక్కర్ల కింద స్క్రూలు ఉంటాయి. వారంటీ ఉన్న కన్సోల్ అయితే ఈ స్టిక్కర్ దగ్గరే ఆగిపోయి కంపెనీ సర్వీసుకు ఇవ్వాలి. మాది ఎప్పుడో అయిపోయింది. స్క్రూలు తీసి, కన్సోల్‌ను తిరగేసి, కింది మూతను వెనక వైపు నుంచి మెల్లగా లేపితే వస్తుంది. ఎక్కడ ఏ స్క్రూ తీశానో గుర్తుండేందుకు అట్టముక్క మీద కన్సోల్ బొమ్మ గీసి, అదే చోట స్క్రూలు గుచ్చాను. పొడవు స్క్రూను పొట్టి స్క్రూ చోట బిగిస్తే బోర్డుకే తగలవచ్చు.

మూత తీయగానే ఒక పక్క ఫ్యాన్, వెనకగా పొడుగ్గా నల్లటి పవర్ సప్లై పెట్టె కనిపిస్తాయి. ఈ పెట్టె గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇందులోకి 230 వోల్టుల కరెంటు నేరుగా వస్తుంది, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో కొంత నిలిచి ఉంటుంది. పెట్టెను మొత్తంగా పైకి తీయొచ్చు కానీ, పెట్టెనే విప్పడం ఇంట్లో చేసే పని కాదు. దాన్ని తీసేటప్పుడు కూడా నిటారుగా పైకి లేపాలి. కింద బోర్డు నుంచి నిలబడి ఉన్న లోహపు పిన్నులు దాంట్లోకి దిగి ఉంటాయి, పక్కకు వంచితే అవి వంకరపోతాయి. ఇంకో చిన్న వైరు కనెక్టర్ కూడా ఉంటుంది. వైరు పట్టుకుని లాగకుండా, కనెక్టర్‌ను పట్టుకుని ఊడదీయాలి.

పెట్టె తీశాక హీట్‌సింక్ రేకులు బయటపడ్డాయి. అక్కడే అసలు విషయం తెలిసింది. పీఎస్4లో ఫ్యాన్ ఊదిన గాలి ముందు హీట్‌సింక్ రేకుల మధ్య నుంచి, తర్వాత పవర్ సప్లై లోపలి నుంచి వెళ్లి వెనక బయటికొస్తుంది. కాబట్టి దుమ్ము ఆగేది రేకుల ముందు అంచు మీద, అంటే ఫ్యాన్ వైపు. బయటి నుంచి టార్చ్ వేసి చూస్తే ఆ చోటు అసలు కనపడదు, మధ్యలో పవర్ సప్లై అడ్డంగా ఉంటుంది. మా దాంట్లో ఆ అంచు పొడుగునా బూడిద రంగు దుమ్ము, తమ్ముడి రూమ్మేట్ పెంచిన పిల్లి వెంట్రుకలు కలిసి గట్టి పొరలా పేరుకున్నాయి. ట్వీజర్‌తో ఒక చివర పట్టుకుని లాగితే వేలెడంత పొడుగున ఒకే ముక్కగా ఊడొచ్చింది. దాని వెనక రేకులు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి, అంటే గాలి వాటి దాకా వెళ్లనే లేదు.

చాలామంది మూత తీయకుండా వెనక నుంచి బ్లోయర్ పెట్టి ఊదుతారు. ఈ పొర ఉన్న చోటు చూశాక అది ఎందుకు పెద్దగా పనిచేయదో అర్థమవుతుంది. వెనక నుంచి ఊదితే పొర కొంచెం కదిలి ఫ్యాన్‌లోకి పడుతుంది, ఫ్యాన్ తిరగగానే మళ్లీ అదే చోటికి వచ్చి అతుక్కుంటుంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. బలమైన గాలి కొడితే ఫ్యాన్ తన మామూలు వేగానికి మించి తిరుగుతుంది. బేరింగ్ పాడవుతుంది, తిరిగే మోటారులో పుట్టిన కరెంటు బోర్డులోకి వెనక్కి పోవచ్చు. అందుకే ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకుని, ఒక్కో రెక్కను బ్రష్‌తో తుడిచాను. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు ఆనించలేదు, దాని ప్లాస్టిక్ మూతి దగ్గర స్టాటిక్ కరెంటు పుడుతుంది. పవర్ సప్లై పెట్టెను విప్పకుండా, దాని జాలీల్లోంచి బల్బుతో గాలి ఊది వదిలేశాను.

అన్నీ యథాస్థానంలో పెట్టి, మూత పూర్తిగా బిగించాకే ప్లగ్ పెట్టాం. మూత తెరిచి ఉండగా ఆన్ చేసి చూద్దామని తమ్ముడు అన్నాడు కానీ, ఆ పవర్ సప్లై పక్కన చేతులు పెట్టుకుని అలాంటివి చేయకూడదు.

పీఎస్4 తన ఉష్ణోగ్రత ఎంతో స్క్రీన్ మీద చూపించదు. పోల్చుకోవడమే దారి. అదే గది, అదే సమయం, ఇంతకుముందు ఆగిపోయిన అదే ఆట. ఈసారి ఆట ఆగలేదు. వెనక గాలి చేతికి బలంగా తగులుతోంది. కానీ మోత మాత్రం పూర్తిగా తగ్గలేదు. మ్యాప్ తెరిచినప్పుడు, బరువైన సీన్ రాగానే ఫ్యాన్ చటుక్కున పైకి వెళ్తోంది. చెయ్యి పెడితే గాలి బలంగా ఉంది కానీ ఫ్యాన్ అంత కష్టపడుతున్నప్పుడు ఉండాల్సినంత వేడిగా లేదు. దుమ్ము చాటున ఉన్న రెండో సమస్య ఇప్పుడు బయటపడింది. కన్సోల్ తయారైనప్పుడు వేసిన పేస్టే ఇంకా ఉంది మరి.

ఇక్కడ ఆగిపోయినా తప్పు లేదు. ఆట ఆగడం లేదు, మోత ఒక్కటే ఇబ్బంది అనుకునేవాళ్లు ఇంతటితో మూత బిగించేయడమే మంచిదని నా అభిప్రాయం. నాకు లాప్‌టాప్‌లు విప్పిన అలవాటు ఉంది, మే నెల ఇంకా ముందుంది, అందుకే పేస్టు కూడా మార్చాను.

ఈసారి పై వైపు నుంచి కూడా విప్పాలి. డిస్క్ డ్రైవ్‌కు వెళ్లే పల్చటి రిబ్బన్ కేబుల్ ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా నాజూకైనది. దాన్ని లాగకూడదు. కనెక్టర్ మీద ఉన్న సన్నటి గొళ్లెం గోరుతో పైకి లేపితే కేబుల్ దానంతటదే వదులవుతుంది. మళ్లీ పెట్టేటప్పుడు తిన్నగా, పూర్తిగా లోపలికి దిగాకే గొళ్లెం వేయాలి. చిప్ వెనక వైపున బోర్డును హీట్‌సింక్‌కు అదిమి పట్టే స్ప్రింగ్ పట్టీ ఉంటుంది, దానికి రెండు స్క్రూలు. ఒకదాన్ని మొత్తం విప్పి రెండోదానికి వెళ్లకుండా, చెరో సగం తిప్పు చొప్పున మార్చి మార్చి వదులు చేశాను. ఒక్క వైపే వదిలేస్తే చిప్ ఒక అంచు మీదే ఒత్తిడి పడుతుంది. పీఎస్4 చిప్ మీద కంప్యూటర్ ప్రాసెసర్లకు ఉన్నట్టు లోహపు మూత ఉండదు, సిలికాన్ నేరుగా హీట్‌సింక్‌కు తగులుతుంది. అంచు చిట్లితే ఇక చేయగలిగింది ఏమీ లేదు.

బోర్డు పైకి లేపగానే పాత పేస్టు కనిపించింది. చిప్ చుట్టూ గట్టుకట్టి, గోరు తగిలితే పొడిగా రాలుతోంది. మధ్యలో మాత్రం కొన్ని చోట్ల చిప్ ఉపరితలమే కనపడుతోంది. వేడెక్కడం, చల్లారడం ఏళ్ల తరబడి జరిగితే పేస్టు ఇలా మెల్లగా అంచులకు నెట్టుకుపోతుంది, మిగిలింది ఎండిపోతుంది. ఆ ఖాళీల్లో ఉన్నది గాలి. వేడిని మోయడంలో పేస్టుతో పోలిస్తే గాలి వందల రెట్లు బలహీనం.

పాత పేస్టును 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, దూది లేవని బట్టతో తుడిచాను. మెడికల్ షాపులో ఇచ్చే స్పిరిట్‌లో నీళ్లు, వేరే పదార్థాలు కలిసి ఉంటాయి కాబట్టి అది వాడలేదు. గట్టిపడ్డ చోట తడి బట్టను కాసేపు ఆనించి ఉంచితే మెత్తబడుతుంది. చాకుతోనో స్క్రూడ్రైవర్ మొనతోనో గీకకూడదు. చుట్టూ మెమరీ చిప్‌ల మీద ఉన్న మెత్తటి థర్మల్ ప్యాడ్‌లను కదిలించలేదు. ఒకటి రేకుకు అతుక్కుని వచ్చింది, చిరగలేదు కాబట్టి దాని చోట దాన్నే పెట్టాను. ప్యాడ్ చిరిగితే అంతే మందం ఉన్న ప్యాడే పెట్టాలి. అక్కడ ఖాళీ ఎక్కువ, పేస్టు రాస్తే రెండు వైపులా తగలదు.

కొత్త పేస్టు ఆర్కిటిక్ ఎంఎక్స్-4, చిన్న ట్యూబు కొన్ని వందల రూపాయలు. కరెంటును ప్రసరింపజేయని పేస్టే తీసుకోవాలి, ఇది అలాంటిదే. రెండు మూడు బియ్యపు గింజలంత తీసి, ప్లాస్టిక్ కార్డు అంచుతో చిప్ అంతా పల్చగా పరిచాను. మూత ఉన్న ప్రాసెసర్‌కు మధ్యలో చుక్క పెట్టి అదిమినా నడుస్తుంది. ఇలా తెరిచి ఉన్న చిప్‌కు మాత్రం మూలలు కూడా కప్పుకునేలా పరచడమే మేలు. కప్పని మూలలో పుట్టిన వేడికి పోయే దారి ఉండదు. మందంగా రాస్తే మంచిదనుకోవడం కూడా పొరపాటే. పేస్టు పని ఆ రెండు ఉపరితలాల మధ్య సన్నటి ఎగుడుదిగుళ్లను నింపడం వరకే, పొర మందమయ్యే కొద్దీ అదే అడ్డమవుతుంది. తర్వాత పట్టీ స్క్రూలు మళ్లీ చెరి కాస్త బిగించుకుంటూ వచ్చాను.

ఆ రాత్రి అదే ఆటతో పరీక్ష. ఫ్యాన్ వినపడుతుంది కానీ టీవీ మాటలను మింగేయడం లేదు. మ్యాప్ తెరిచినా పైకి లేవడం లేదు. వెనక గాలి ఇప్పుడు బాగా వేడిగా, బలంగా వస్తోంది. అలా వేడిగా రావడమే మంచి గుర్తు, చిప్ వేడి బయటికి పోతోందన్నమాట. మే నెల మధ్యాహ్నాల్లో కూడా ఆగలేదు. అయితే ఏసీ లేకుండా మధ్యాహ్నం పూట గంటల తరబడి ఆడవద్దని తమ్ముడికి చెప్పాను. గదే 40 డిగ్రీలు ఉంటే ఏ పేస్టూ గాలిని చల్లబరచలేదు.

ఇది విని తమ్ముడి స్నేహితుడు తన పీఎస్5 పట్టుకొచ్చాడు. "అన్నా, ఇది కూడా వేడెక్కి ఆగిపోతోంది, పేస్టు మార్చిపెట్టవా" అన్నాడు. దానికి నేను చేసింది పక్క ప్యానెళ్లు తీసి, ఫ్యాన్‌ను బ్రష్‌తో శుభ్రం చేసి, దుమ్ము చేరడానికి సోనీయే పెట్టిన రంధ్రాల నుంచి దుమ్ము తీయడం వరకే. ప్యానెళ్లు స్క్రూలు లేకుండా చేత్తోనే వస్తాయి. ఆ రంధ్రాల కోసం చిన్న వాక్యూమ్ వాడొచ్చు, అవి బోర్డుకు దూరంగా ఉంటాయి. అయినా సమస్య తగ్గలేదు. లోపలికి మాత్రం నేను వెళ్లలేదు. పీఎస్5లో చిప్‌కు, హీట్‌సింక్‌కు మధ్య ఉన్నది పేస్టు కాదు, గాలియం ఆధారంగా చేసిన లిక్విడ్ మెటల్. అది ద్రవరూపంలో ఉండే లోహం, కరెంటును ప్రసరింపజేస్తుంది. బోర్డు లేపగానే ఒక్క చుక్క పక్కనున్న చిన్న భాగాల మీదికి జారినా షార్ట్ అవుతుంది. అల్యూమినియాన్ని తినేస్తుంది కూడా. చుట్టూ అది బయటికి రాకుండా ఆపే సీల్ ఉంటుంది, విప్పాక ఆ సీల్ సరిగ్గా కూర్చోవాలి. ఇంట్లో టేబుల్ మీద చేసే పని కాదని చెప్పి షాపుకే పంపాను.

పీఎస్4 అయినా కొన్ని గుర్తులు కనిపిస్తే నేను స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేస్తాను. చల్లగా ఉన్నప్పుడు కూడా ఆన్ చేసిన కొన్ని సెకన్లకే ఆగిపోవడం, లేదా నీలం లైటు మిణుకుమిణుకుమంటూ స్క్రీన్ రాకపోవడం వేడి సమస్య కాదు, పేస్టుతో బాగుపడదు. ఫ్యాన్ అసలు తిరగకపోతే, ఫ్యాన్ మార్చి చూసినా తిరగకపోతే తప్పు బోర్డులో ఉంది. మాడిన వాసన వచ్చినా, నీళ్లో కూల్‌డ్రింకో పడినా ప్లగ్ తీసి నేరుగా తీసుకెళ్లాలి. బొద్దింకలు కూడా చిన్న విషయం కాదు. వెచ్చదనానికి అవి పవర్ సప్లై పెట్టెలోకి దూరతాయి, లోపలే చచ్చి షార్ట్ చేస్తాయి. వెనక జాలీలో గుడ్లో రెట్టలో కనిపిస్తే, ఆ పెట్టె విప్పే పని దాన్ని రోజూ చేసేవాళ్లదే.

ఆ పీఎస్5కు షాపు ఎంచుకునేటప్పుడు మేం ధర కన్నా ముందు వేరేవి అడిగాం. లిక్విడ్ మెటల్ ఇంతకుముందు మార్చారా, దాన్ని తీసేసి మామూలు పేస్టు పెడతారా, లిక్విడ్ మెటలే మళ్లీ వేస్తారా, మా ముందే విప్పుతారా. మొదట వెళ్లిన చోట "అదంతా మీకెందుకు సార్, అయ్యాక ఫోన్ చేస్తాం" అన్నారు. అక్కడ ఇవ్వలేదు. రెండో షాపతను పాత సీల్ ఎలా తీస్తాడో, బోర్డు మీద ఎక్కడెక్కడ టేపు వేస్తాడో చెప్పాడు. గంట కూర్చుని చూడమన్నాడు. పని అయ్యాక డబ్బులిచ్చే ముందు, ఇంట్లో ఏ ఆటకు ఆగిపోయేదో అదే ఆట అక్కడే ముప్పావుగంట నడిపించి చూసి తెచ్చుకున్నాం.